చదును పాదాలు, రోజుకు 11 గంటలు నిలబడే పని: బూట్లు కొనేముందు చేత్తో ఏం చూడాలి?

గోదారిగట్టు
మెడికల్ షాపు కౌంటర్లో పని. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, భోజనానికి పోయే గంట తీసేస్తే 11 గంటలు గ్రానైట్ నేల మీద నిలబడాలి. వయసు 44, బరువు 82 కిలోలు. రెండు పాదాలూ చిన్నప్పటి నుంచి చదునే, తడికాలు పెడితే పాదం మొత్తం అచ్చు పడుతుంది. సాయంత్రం 5 దాటాక చీలమండ లోపలివైపు, పిక్కల్లో ఒకటే లాగుడు. మెత్తగా ఉన్నాయని మెమరీ ఫోమ్ బూట్లు కొన్నాను. మొదటి వారం హాయిగా ఉంది, రెండో నెలకి మునుపటికన్నా ఎక్కువ నొప్పి. కొట్లో బూటు చేతికి తీసుకున్నప్పుడు ఏం చూసి ఒప్పుకోవాలి, ఏం చూసి పక్కన పెట్టాలి?

శ్రీను_వరంగల్
అన్నా, ఎంసీఆర్ చెప్పులు తీసుకో. ఆర్థో చెప్పుల దుకాణాల దొరుకుతయి, ధర కూడా ఎక్కువ ఉండదు. మా కాకకు షుగర్ ఉంది, డాక్టరే రాసిచ్చిండు. కాలి కింద మస్తు మెత్తగ ఉంటయి.

పాదంపని
శ్రీను గారూ, మీ కాకగారికి ఆ చెప్పులు సరైనవే. స్పర్శ తగ్గిన పాదంలో ఒకేచోట ఒత్తిడి పడి పుండు పడకుండా, బరువును పాదమంతా పరచడానికి ఎంసీఆర్ పనికొస్తుంది. ఇక్కడ అడిగినాయన ఇబ్బంది వేరు. ఆయన మడమ లోపలికి ఒరుగుతోంది, దాన్ని నిలబెట్టే గోడ కావాలి. చదునుగా, మెత్తగా ఉన్న చెప్పు ఆ ఒరుగుడును ఆపలేదు.

మెమరీ ఫోమ్ ఎందుకు వికటించిందో చెప్తాను. నడిచేటప్పుడు అడుగు లేచిన ప్రతిసారీ ఫోమ్ తిరిగి పొంగుతుంది. కౌంటర్లో నిలబడ్డప్పుడు దానికి ఆ తెరిపి ఉండదు, గంటల తరబడి ఒకేచోట నలుగుతుంది. చదును పాదానికి బరువు లోపలి అంచుమీద ఎక్కువ పడుతుంది కాబట్టి అటువైపు ముందు కుంగుతుంది. రెండు నెలల్లో బూటు లోపలికి వాలిన పీటలా తయారవుతుంది. అప్పుడు పాదాన్ని పైకి పట్టి ఉంచే పని చీలమండ లోపలి ఎముక వెనకగా దిగే స్నాయువు మీద పడుతుంది. సాయంత్రం మీకు లాగేది అదే.

మీ పాత బూట్లను బల్లమీద పెట్టి వెనకనుంచి చూడండి. మడమ భాగం నిటారుగా ఉందా, లోపలికి వాలిందా?

గోదారిగట్టు
చూశానండీ. రెండూ లోపలికి వాలాయి, ఎడమది బాగా ఎక్కువ. వేలితో నొక్కితే మడమ వెనక భాగం అట్టలా మడతపడిపోతోంది.

కాకీకల
నాకూ ఫ్లాట్ ఫుట్ ఉంది. ఆర్మీ సెలక్షన్లో మెడికల్‌కి ముందు ఇలాంటి బూట్లు ఆరు నెలలు వేసుకుంటే వంపు వస్తుందా?

పాదంపని
తమ్ముడూ, బూటు ఉన్నంతసేపే ఆసరా. విప్పితే పాదం తన ఆకారానికి వచ్చేస్తుంది, మెడికల్‌లో చూసేది ఉత్త పాదాన్నే. ఆ విషయం విడిగా ఇంకో చర్చ పెట్టు, ఇక్కడ కలిపితే రెండూ పాడవుతాయి.

గోదారిగట్టు గారూ, కొట్లో చేయాల్సిన పని ఇది. ముందు మడమ వెనక గోడను బొటనవేలితో వెనకనుంచీ, రెండు పక్కలనుంచీ గట్టిగా నొక్కండి. లోపలికి పోతే ఆ బూటు అక్కడే వదిలేయండి, మిగతావి ఎంత బాగున్నా లాభం లేదు. గోడ గట్టిగా ఉంటే ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో మునివేళ్ల భాగం పట్టుకుని తడిబట్ట పిండినట్టు తిప్పండి. ముందుభాగం కాస్త తిరగొచ్చు, బూటు నడుము, అంటే మధ్యభాగం మాత్రం తిరగకూడదు. తర్వాత ముందుభాగాన్ని బల్లకు ఆనించి మడమను పైకెత్తండి. బూటు మడత వేళ్ల మొదళ్ల దగ్గర, అంటే ముందునుంచి మూడోవంతు దూరంలో పడాలి. సరిగ్గా మధ్యలో మడత పడిందంటే మీ పాదం కుంగేచోటే బూటూ కుంగుతుందన్నమాట.

చివరగా సోల్ పక్కను రెండువైపులా నొక్కి చూడండి. లోపలివైపు బయటివైపుకన్నా మెత్తగా ఉండకూడదు. సమానంగానో ఇంకాస్త గట్టిగానో ఉంటే మంచిది.

బీచ్‌రోడ్_పరుగు
ఇంత పరీక్ష అక్కర్లేదండీ. పరుగు బూట్లలో స్టెబిలిటీ రకం అడగండి చాలు. ఆసిక్స్ కయానో, బ్రూక్స్ అడ్రినలిన్ జీటీఎస్ లాంటివి ఈ పాదాలకోసమే. పైన ఇన్‌సోల్ కూడా వేయండి. ఆర్చ్ ఎంత ఎత్తుగా ఉంటే పాదానికి అంత ఆసరా.

పాదంపని
స్టెబిలిటీ రకం అన్నమాట నిజమే. వాటిలో కొన్నిటికి లోపలివైపు గట్టి ఫోమ్ ఉంటుంది, కొన్నిటికి మడమ చుట్టూ సోల్ అంచులు పైకి లేచి ఉంటాయి. నిలబడే పనికీ పనికొస్తాయి. షాపువాళ్లు నల్లబూట్లే వేయాలంటే నల్లరంగువి అడగండి.

ఎత్తు సంగతి మాత్రం ఒప్పుకోను. వంపు ఎంత పైకి వస్తుందో పాదాన్ని బట్టి ఉంటుంది. గోడ పట్టుకుని రెండు మునివేళ్లమీద లేవండి. వంపు కనబడి, ఒరిగిన మడమలు నిటారుగా నిలబడితే పాదం మెత్తనిది, కొద్దిపాటి ఎత్తును తట్టుకుంటుంది. లేచినా చదునుగానే ఉంటే అది బిగుసుకున్న పాదం. దానికింద ఎత్తైన గట్టి ఆర్చ్ పెడితే గులకరాయి మీద నిలబడ్డట్టే, 11 గంటలు భరించలేరు. తర్వాత ఒక్కో కాలిమీద విడివిడిగా కూడా లేచి చూడండి.

ఇన్‌సోల్ వేసేటప్పుడు బూటుతో వచ్చినదాన్ని తీసేసి వేయాలి. దానిపైనే పెడితే మడమ పైకి లేచి వెనక గోడ పట్టునుంచి జారిపోతుంది. అందుకే లోపలి సోల్ ఊడిరాని బూటు కొనకండి.

గోదారిగట్టు
రెండు కాళ్లమీద లేస్తే కుడిదానికి వంపు వస్తోంది, ఎడమదానికి కొంచెమే. ఒంటికాలి మీద కుడివైపు పదిసార్లు లేచాను. ఎడమవైపు రెండోసారికే నొప్పి వచ్చి ఆగిపోయాను. చీలమండ లోపలి ఎముక వెనక కాస్త వాపు కూడా ఉంది, ఐదారు నెలలుగా. ఇప్పుడు ఏ సైజు తీసుకోవాలి? వేసేది 8 నంబరు, వెడల్పు చాలక 9కి మారదామనుకుంటున్నాను.

పాదంపని
ముందు ఎడమ కాలి సంగతి. చిన్నప్పటి చదునుపాదం రెండువైపులా ఒకేలా ఉండి, నలభై దాటాక ఒకవైపు మాత్రం ఇంకా కుంగుతూ వాపు వస్తే నేను చెప్పిన ఆ స్నాయువే దెబ్బతింటోందని అనుమానించాలి. ఇది బూటుతో తేల్చే పని కాదు, ఈ వారంలోనే ఎముకల డాక్టరుకు చూపించండి. అందాకా ఎడమ కాలిమీద ఒంటరిగా లేవడం ఆపేయండి, ఎత్తైన గట్టి ఇన్‌సోల్ వేయకండి. చీలమండకు పట్టీ కావాలో, కాలికి కొలిచి చేసిన ఇన్‌సోల్ కావాలో ఆయన చెప్తారు. బూటు ఆ తర్వాత కొంటేనే అవి అందులో పడతాయి.

సైజుకు నంబరు పక్కన పెట్టి కాగితం తీసుకోండి. సాయంత్రం పని అయ్యాక కాగితం మీద నిలబడి, పెన్సిల్‌ను నిటారుగా పట్టి పాదం చుట్టూ గీయించండి. పెన్సిల్ లోపలికి వాలితే కొలత తగ్గిపోతుంది. కూర్చుని గీసినా అంతే, చదునుపాదం బరువు పడ్డాక పొడవూ వెడల్పూ పెరుగుతుంది.

గోదారిగట్టు
పెద్దది ఎడమదే. నిలబడితే పొడవు 26.6 సెంటీమీటర్లు, వెడల్పు 10.6. కూర్చుంటే పొడవు 26.1. ఇప్పటి బూటు లోపలి సోల్ తీసి కొలిస్తే పొడవు 27.5, వెడల్పు 9.6.

పాదంపని
మీకు కావలసిన జవాబు ఆ అంకెల్లోనే ఉంది. పొడవైన వేలి ముందు బొటనవేలంత, సుమారు సెంటీమీటరు ఖాళీ ఉండాలి. 26.6కి 27.5 అంటే దాదాపు సరిపోయింది, పొడవుకోసం 9 అక్కర్లేదు. వెడల్పులో మాత్రం పాదం రెండుపక్కలా కలిపి సెంటీమీటరు బయటికి వస్తోంది. బూటు పైభాగం కొంత సాగుతుంది కాబట్టి ఒక్కోపక్క రెండుమూడు మిల్లీమీటర్లు వస్తే ఫర్వాలేదు, ఐదు వస్తే కుదరదు.

9కి వెళ్తే వెడల్పు కాస్త పెరుగుతుంది గాని బూటు పొడవైపోతుంది. మడత పడేచోటు మీ వేళ్ల మొదళ్లకంటే ముందుకు జరుగుతుంది, ఆర్చ్ కూడా ముందుకు పోతుంది, మడమ వెనక జారుతుంది. కాబట్టి 8లోనే వెడల్పు రకం అడగండి. పెట్టెమీద 2ఇ అని ఉంటుంది, ఇంకా వెడల్పు కావాలంటే 4ఇ. మీరు గీసిన కాగితం కత్తిరించి జేబులో పెట్టుకెళ్లండి. కొట్లో లోపలి సోల్ తీసి దానిమీద పరిచి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. లేసులున్నవే తీసుకోండి, పైచివరి రంధ్రం కూడా వాడి బిగిస్తే మడమ వెనక గోడకు ఆని ఉంటుంది.

బీచ్‌రోడ్_పరుగు
ఎత్తు విషయంలో నాది తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ కొలిచి చేయించే ఇన్‌సోల్‌కు అంత డబ్బు ఎందుకండీ? రెడీమేడ్‌తో బాగైనవాళ్లు చాలామంది ఉన్నారు.

పాదంపని
మెత్తని పాదం, రెండువైపులా ఒకేలా ఉంటే ముందు రెడీమేడ్ వేసి చూడమనే నేనూ అంటాను. ఈయన ఎడమ కాలు అలా లేదు కాబట్టే ఆగమన్నాను. ఏదైనా మొదటిరోజే 11 గంటలు వేయకూడదు. తొలిరోజు గంట, తర్వాత రోజుకో గంట పెంచండి. పిక్కల్లో కొత్త పట్టులాంటిది తగ్గిపోతుంది. ఒకేచోట ఎర్రగా కమిలి, విప్పిన అరగంటకు కూడా పోకపోతే ఆ ఇన్‌సోల్ ఆకారం మీకు సరిపోలేదన్నమాట.

చీరలకొట్టు_లత
మా కొట్లో తెల్ల పరుపు మీద నిలబడి చీరలు చూపించాలి. చెప్పులే వేయనివ్వరు, బూట్ల మాట దేవుడెరుగు. నాకూ ఇదే పాదం, మరి మాలాంటివాళ్లం ఏం చేయాలక్కా?

పాదంపని
పరుపు పనికి బూటంత ఆసరా ఏదీ ఇవ్వలేదమ్మా. పాదం నడుముకు తొడుక్కునే సాగే పట్టీలు ఉంటాయి, వంపు దగ్గర చిన్న మెత్త కుట్టి ఉంటుంది, సాక్స్ లోపల కనబడదు. కొంతమందికి హాయిగా ఉంటుంది, కొంతమందికి మధ్యాహ్నానికే జారిపోతుంది. కౌంటరు కింద 10, 15 సెంటీమీటర్ల ఎత్తు పీట ఒకటి పెట్టించుకుని కాళ్లు మార్చి మార్చి దానిమీద పెట్టు. ఇంటికీ కొట్టుకీ మధ్య వేసుకునేది హవాయి చెప్పు కాకుండా వెనక పట్టీ ఉన్న గట్టి సాండల్ అయితే మంచిది.

చీరలకొట్టు_లత
పీట మా యజమానిని అడుగుతాను. పట్టీ సైజు దేన్నిబట్టి తీసుకోవాలి?

పాదంపని
పాదం నడుము చుట్టుకొలత టేపుతో, సాయంత్రం పూట, నిలబడి కొలుచుకో. పట్టీ వేశాక వేళ్లు తిమ్మిరెక్కినా రంగు మారినా అది బిగుతు, పెద్దది తీసుకోవాలి.