బీఎంఐ నుంచి జడ్ స్కోర్: పిల్లలందరికీ సున్నా దగ్గరే వస్తోంది, ఎక్కడ తప్పుతున్నాను?

తార్నాక_న్యూట్రిషన్

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ న్యూట్రిషన్ రెండో సంవత్సరం. ప్రాజెక్టు కోసం ఉప్పల్ వైపు ఒక స్కూల్లో ఒకటో తరగతి పిల్లల ఎత్తు, బరువు తీసుకున్నాను. డబ్ల్యూహెచ్‌ఓ 2007 పట్టికలో మగపిల్లల 61వ నెల వరుసలో ఎల్ −0.7387, ఎమ్ 15.2641, ఎస్ 0.08390 అని ఉంది. అవి E, F, G గడుల్లో వేసి, D లో బీఎంఐ పెట్టి ఇలా రాశాను:

```
=((D2/F2)^E2-1)/E2*G2
```

ఒక బాబు 108.5 సెం.మీ., 21.9 కిలోలు. బీఎంఐ 18.60. చూస్తేనే బొద్దుగా ఉంటాడు. వాడికి జడ్ స్కోర్ 0.015 వచ్చింది. ఇంకో బాబు 104 సెం.మీ., 13.8 కిలోలు, పక్కటెముకలు కనబడుతున్నాయి. వాడికి −0.016. ఇద్దరూ మామూలే అంటోంది ఎక్సెల్! ఎల్ మైనస్‌లో ఉండటం వల్లా? పట్టిక తప్పుగా దించుకున్నానా?

లెక్కల_శీను

ఎల్ మైనస్ ఉంటే మైనస్ తీసేసి చూడండి. అసలు అంత తిప్పలు ఎందుకండీ? ఎమ్‌ని ఎస్‌తో గుణిస్తే స్టాండర్డ్ డీవియేషన్ వచ్చేస్తుంది, 1.28. బీఎంఐలోంచి 15.26 తీసేసి దానితో భాగించండి. మొదటి బాబుకి 2.61, రెండో బాబుకి −1.96. డిగ్రీలో చదువుకున్న జడ్ ఇదే కదా.

సర్వే_పాతకాపు

పట్టిక సరిగ్గానే దించుకున్నారమ్మా, మైనస్ కూడా అక్కడ ఉండాల్సిందే. తప్పు చివర్లో ఉంది. మీ సూత్రం ముందు ఎల్‌తో భాగించి, వచ్చినదాన్ని ఎస్‌తో గుణిస్తోంది. మీకు కావలసింది ఆ రెండింటి లబ్ధంతో భాగించడం:

```
=((D2/F2)^E2-1)/(E2*G2)
```

ఇప్పుడు మొదటి బాబుకి 2.19, రెండో బాబుకి −2.28 వస్తాయి. చాలామంది సూత్రాన్ని పరీక్షించడానికి బీఎంఐ గడిలో ఎమ్ విలువే వేసి, సున్నా వచ్చింది కదా అని వదిలేస్తారు. బ్రాకెట్ తప్పినా అక్కడ సున్నాయే వస్తుంది. 18.26 వేసి చూడండి. ఈ వరుసలో +2 గీత అక్కడ ఉంటుంది కాబట్టి జవాబు 2.00 రావాలి. కింద 13.03 వేస్తే −2.00 రావాలి. ఈ రెండూ సరిపోతే సూత్రం బాగున్నట్టే.

శీను గారూ, మీరన్న ఎస్‌డీ సగం నిజం. పంపిణీ రెండు వైపులా సమానంగా ఉండి ఉంటే అదే వాడేవాళ్ళం. బీఎంఐ అలా ఉండదు, లావు వైపు తోక సాగి ఉంటుంది. ఇప్పుడు చెప్పిన అంకెల్లోనే చూడండి. మధ్యగతం 15.26 నుంచి +2కి చేరాలంటే 3.0 పెరగాలి, −2కి రావాలంటే 2.2 తగ్గితే చాలు. మీ పద్ధతి రెండు వైపులా 2.56 వేసేస్తుంది. ఆ వంకరను సరిచేయడానికే ఎల్. మైనస్ తీసేస్తే వంకర ఎదురు దిక్కుకి తిరుగుతుంది, అప్పుడు మొదటి బాబుకి 2.54 వస్తుంది.

లావు పిల్లాడి స్కోర్ కాస్త పెరగడం ఒక ఎత్తు. నా బాధంతా రెండో బాబు గురించే. మీ లెక్కలో వాడు −1.96, గీతకి పైనే, మామూలు పిల్లాడు. అసలు లెక్కలో −2.28, బక్కపలుచన కింద నమోదు కావాల్సినవాడు. ఎల్ వదిలేసిన నివేదికల్లో ఇలాంటి పిల్లలే జారిపోతారు.

లెక్కల_శీను

రెండు వైపులా దూరం వేరని పట్టికలో ఎప్పుడూ గమనించలేదు. ఒప్పుకుంటున్నా. కానీ గీతకి దూరంగా ఉన్న పిల్లలకి ఏ పద్ధతైనా ఒకటే మాట వస్తుంది కదా?

సర్వే_పాతకాపు

మాట ఒకటే రావచ్చు. తరగతి సగటు జడ్ తీసినా, వచ్చే ఏడాది అదే పిల్లాడితో పోల్చినా తేడా బయటపడుతుంది.

బోడుప్పల్_అమ్మ

క్షమించండి, మధ్యలో వస్తున్నా. మా పాపకి సరిగ్గా 8 ఏళ్ళు. బీఎంఐ 16.2 వచ్చింది. 18.5 కన్నా తక్కువ ఉంటే బరువు తక్కువ అని చదివాను. రోజూ నెయ్యన్నం పెడుతున్నా ఇలా ఉందేంటని వారం నుంచి నిద్ర లేదు. దీనికి కూడా ఆ ఎల్ ఎమ్ ఎస్ వేస్తే పెరుగుతుందా?

సర్వే_పాతకాపు

అమ్మా, ఆ 18.5 పెద్దవాళ్ళది. పిల్లలకి ఆ గీత పనికిరాదు. డబ్ల్యూహెచ్‌ఓ పట్టికలో 8 ఏళ్ళ ఆడపిల్లల మధ్యగతమే 15.7, +1 గీత 17.7. మీ పాప మధ్యగతానికి కొంచెం పైన ఉంది. లెక్క వేస్తే బీఎంఐ పెరగదు, తన ఈడు పిల్లల్లో అది ఎక్కడుందో తెలుస్తుంది, అంతే. నెయ్యి ఇంకా పెంచకండి.

బోడుప్పల్_అమ్మ

చాలా థాంక్స్ అన్నా. మా ఆయనకి ఇదే చూపిస్తా.

పీఈటీ_సార్

నేను సర్కారు బడిల పీఈటీని. మీ సూత్రాల సంగతి నాకు తెల్వదు గానీ ఎత్తు ఎట్ల కొలిచిన్రో చెప్పున్రి. మా బడిల ఒకసారి గోడకు కాగితం టేపు అతికించినం. గోడకింద టైల్స్ పట్టీ ముందుకొచ్చి ఉంటది, మడిమె దానికి తగులుతది, వీపు గోడకు ఆనదు. పిలగాండ్లు వంగి నిలబడ్డరు, ఎత్తులన్నీ తక్కువ పడ్డయి. మళ్ళ అన్నీ కొలిచినం. తర్వాత తలుపు చట్రం దగ్గర, పట్టీ లేని జాగల పెట్టినం. బూట్లు ఇప్పించిన్రా?

తార్నాక_న్యూట్రిషన్

సార్, సగం మందికి ఇప్పించలేదు. ప్రార్థన అయ్యాక వరుసలోంచి నేరుగా వచ్చారు, టైమ్ చాల్లేదు. ఆ బొద్దు బాబుకి ఇప్పించలేదని గుర్తుంది, వెల్క్రో బూట్లు.

సర్వే_పాతకాపు

సార్ అసలు చోట పట్టుకున్నారు. ఎత్తు రెండుసార్లు గుణించుకుంటుంది కాబట్టి చిన్న తప్పు పెద్దదవుతుంది. అదే 21.9 కిలోలకి ఎత్తు 107.5 అయితే జడ్ 2.38, 109.5 అయితే 2.00. అటొక సెంటీమీటరు, ఇటొక సెంటీమీటరు. స్కోర్ రెండో దశాంశం దాకా రాస్తాం గానీ దాని కింద నేల ఇంత మెత్తగా ఉంటుంది.

తార్నాక_న్యూట్రిషన్

మళ్ళీ కొలుస్తాను, హెడ్మాస్టర్ గారు గురువారం రమ్మన్నారు. ఈలోపు ఇంకో అనుమానం. 107 సెం.మీ., 28.0 కిలోలు ఉన్న బాబుకి నా సరిచేసిన సూత్రం 4.74 ఇస్తోంది. డబ్ల్యూహెచ్‌ఓ ఆంత్రోప్లస్ సాఫ్ట్‌వేర్‌లో అదే వేస్తే 5.25 వచ్చి, జెండా పెట్టింది. మిగతావన్నీ సరిపోతున్నాయి.

సర్వే_పాతకాపు

రెండూ తప్పు కాదు. మరీ చివర్లో నిజంగా కొలిచిన పిల్లలు చాలా కొద్దిమంది, అక్కడ ఎల్ గీసే వంపుని నమ్మలేం. అందుకని డబ్ల్యూహెచ్‌ఓ +3 దాటాక సూత్రం ఆపేసి, +2కీ +3కీ మధ్య ఎంత దూరం ఉందో అదే అడుగుతో పైకి కొలుస్తుంది. మీ వరుసలో +2 దగ్గర 18.26, +3 దగ్గర 20.17, అంటే అడుగు 1.91. మీ బాబు బీఎంఐ 24.46, +3 పైన 4.29 ఉన్నాడు, అంటే రెండు అడుగుల పావు. జడ్ 5.25. H లో మామూలు జడ్, J, K గడుల్లో +2, +3 గీతలు ఉంటే:

```
=IF(H2>3,3+(D2-K2)/(K2-J2),H2)
```

−3 కింద కూడా ఇలాగే, −2కీ −3కీ మధ్య దూరంతో.

+5 దాటినా, −5 కిందికి పోయినా ఆ కొలతను ఒకసారి అనుమానించాలని నియమం. మీ సొంత సూత్రంతో ఈ బాబు 4.74 దగ్గర తప్పించుకునేవాడు. ఒకసారి చేతిరాత రిజిస్టర్ తీసి చూడండి.

తార్నాక_న్యూట్రిషన్

చూశాను. రిజిస్టర్‌లో 20.8 ఉంది! నేను 28.0 అని కొట్టాను. 

దిల్‌సుఖ్‌నగర్_క్లినిక్

పిల్లల డాక్టర్‌ని. ఇంతసేపూ డబ్ల్యూహెచ్‌ఓ పట్టిక ఒక్కటే ఉన్నట్టు మాట్లాడుకుంటున్నారు. 5 నుంచి 18 ఏళ్ళ మన పిల్లలకి నేను మన పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ 2015 చార్టులే వాడతాను. వాటిలో అధిక బరువు, ఊబకాయం గీతలు పెద్దల 23, 27 బీఎంఐలకి సమానంగా గీశారు. మనవాళ్ళలో తక్కువ బీఎంఐకే కొవ్వు, షుగర్ కనబడతాయి, అందుకని. డబ్ల్యూహెచ్‌ఓ 2007కి ఆధారం అమెరికా పిల్లల పాత ఎన్‌సీహెచ్‌ఎస్ డేటా.

సర్వే_పాతకాపు

ఎదురుగా కూర్చున్న ఒక్క పిల్లాడికి మీ మాటే సరి డాక్టర్ గారూ. ఈ అమ్మాయి తన తరగతిని వేరే రాష్ట్రాల, వేరే దేశాల సర్వేలతో పోల్చాలి, వాటిలో ఎక్కువ భాగం డబ్ల్యూహెచ్‌ఓ మీదే ఉన్నాయి. రెండూ వేసి, ఏది దేనిదో పట్టికపైన రాయడం మంచిదని నా అభిప్రాయం.

దిల్‌సుఖ్‌నగర్_క్లినిక్

రెండు అంకెలు ఇస్తే తల్లిదండ్రులు తమకి నచ్చింది పట్టుకుపోతారు. నేను ఒప్పుకోను.

పీఈటీ_సార్

ఇంకోటి అడుగుత. పుట్టిన తారీఖు యాడికెల్లి తీసుకున్నవ్ బిడ్డా? మా రిజిస్టర్ల సగం మంది జూన్లనే పుట్టినట్టు ఉంటది. అడ్మిషన్ కోసం రాయిస్తరు.

తార్నాక_న్యూట్రిషన్

రిజిస్టర్ నుంచే సార్. బొద్దు బాబుది 2020 జూన్ 10, నేను కొలిచింది 2025 జూలై 14. 1860 రోజులు, 30.4375తో భాగిస్తే 61.1 నెలలు. అందుకే 61వ వరుస.

సర్వే_పాతకాపు

ఈ వయసులో ఒకటి రెండు నెలల తేడాకి బీఎంఐ జడ్ పెద్దగా కదలదు, ఎత్తు జడ్ మాత్రం కదులుతుంది. మీకున్న చిక్కు వేరే. సరిగ్గా ఐదేళ్ళ గడప మీద నిలబడ్డారు. ఐదేళ్ళలోపు +2 దాటితే అధిక బరువు, +3 దాటితే ఊబకాయం. ఐదు దాటగానే అవే మాటలు +1కీ, +2కీ దిగుతాయి. టీకా కార్డులు తెప్పించండి.

తార్నాక_న్యూట్రిషన్

గురువారం వెళ్ళొచ్చాను. అందరినీ బూట్లు, బెల్టులు తీయించి, పట్టీ లేని గోడ దగ్గర నిలబెట్టి కొలిచాను. బొద్దు బాబు 107.2 సెం.మీ., 21.5 కిలోలు. బూట్లు ఎత్తునీ బరువునీ రెండింటినీ పెంచాయి కాబట్టి స్కోర్ ఎక్కువ మారలేదు, 2.25. బక్క బాబు అప్పుడూ ఉత్త కాళ్ళతోనే నిలబడ్డాడు, అంకెలు అవే వచ్చాయి, −2.28. వాడి పేరు అంగన్‌వాడీ టీచర్‌కి ఇచ్చి వచ్చాను, ఇంటికి వెళ్తానన్నారు.

బొద్దు బాబు వాళ్ళమ్మ టీకా కార్డు తెచ్చింది. అందులో 2020 ఆగస్టు 21. అంటే వాడికింకా ఐదేళ్ళు నిండలేదు. ఐదేళ్ళలోపు పట్టికలో వేసినా స్కోర్ 2.2 చుట్టుపక్కలే ఉంది. రిజిస్టర్ తారీఖు ప్రకారం ఊబకాయం, కార్డు ప్రకారం అధిక బరువు. ఆమె నా పక్కనే నిలబడి "ఏం రాస్తున్నారు మేడమ్" అని అడిగింది. కార్డు తారీఖే వేసి, ఆగస్టు చివర్లో ఇంకోసారి కొలుస్తానని చెప్పాను. రిజిస్టర్ తారీఖుతో ఉన్న మిగతా పిల్లల్ని ఏం చేయాలో మా గైడ్ మేడమ్‌ని అడగాలి. కార్డులు తెచ్చింది పదకొండు మందే.