ఎండోమెంట్ బోనస్ వెయ్యికి 45 అంటే చేతికి ఎంత వస్తుంది? టర్మ్‌తో పోలిస్తే ఎలా?

కోనసీమ కుర్రాడు:
వయసు 30. మా ఏజెంటు గారు ఎండోమెంట్ తీసుకోమంటున్నారు. ఏటా 50,000 చొప్పున 20 ఏళ్లు కట్టాలి, బీమా 10 లక్షలు. బోనస్ వెయ్యికి 45 అట. అంటే 10 లక్షల మీద ఏటా 45,000. కట్టేది 50,000, బోనసే 45,000! మడతపేచీ ఎక్కడుంది?

పద్దుల రాజు:
లెక్క తప్పు కాదండి. కానీ ఆ 45,000 ఏటా మీ పాలసీ ఖాతాలో రాసుకుంటారే తప్ప చేతికి ఇవ్వరు. రాసినదాని మీద వడ్డీ కూడా ఉండదు. మొదటి ఏడాది బోనస్ 20వ ఏట కూడా అదే 45,000. పైగా రేటు ఏ ఏటికా ఏడు ప్రకటిస్తారు, 45 ఖాయం కాదు.

45 చివరిదాకా నిలబడిందే అనుకుందాం. బోనస్ 9 లక్షలు, బీమా మొత్తం 10, వెరసి 19 లక్షలు. ఆఖర్న అదనపు బోనస్ ఇస్తే అది వేరు. ఎక్సెల్‌లో ఇది కొట్టి చూడండి:

```
=RATE(20,-50000,0,1900000,1)
```

5.8 శాతం దగ్గర వస్తుంది. చివర ఉన్న 1 మరిచిపోవద్దు. ప్రీమియం ఏడాది మొదట్లోనే కడతాం కదా. అది వదిలేస్తే 6.3 చూపించి మురిపిస్తుంది.

వాణి, విశాఖ:
అందుకే మనిషి పోతేనే డబ్బిచ్చే టర్మ్ పాలసీ తీసుకుని, మిగిలింది పీపీఎఫ్‌లో వేయమనేది. ఎలా చూసినా ఎండోమెంట్ కంటే ఎక్కువే వస్తుంది.

పద్దుల రాజు:
వాణి గారూ, సగమే నిజం. కోటి రూపాయల టర్మ్‌కి ఏటా 12,000 అనుకోండి (ఆరోగ్యం, సిగరెట్ అలవాటును బట్టి మారుతుంది). మిగిలిన 38,000 పీపీఎఫ్‌లో 7.1 శాతానికి 20 ఏళ్లు వేస్తే దాదాపు 16.9 లక్షలు. 15 ఏళ్ల తర్వాత ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవాలి. అంటే 19 లక్షల కంటే రెండు లక్షలు తక్కువే.

తేడా బతికి ఉంటే వచ్చేదాంట్లో కాదు, పోతే వచ్చేదాంట్లో ఉంది. అయిదో ప్రీమియం కట్టిన ఏడాది చివర్లో మనిషి పోతే ఎండోమెంట్ ఇచ్చేది 10 లక్షలు, పైన 2.25 లక్షల బోనస్. టర్మ్ అయితే కోటి, పీపీఎఫ్‌లో మరో 2.3 లక్షలు. ఎండోమెంట్‌లోనే కోటి బీమా కావాలంటే ఇదే లెక్కన ఏటా 5 లక్షలు కట్టాలి.

కారణం సులువే. టర్మ్‌లో ఎక్కువమంది బతికే ఉంటారు, వాళ్లకి కంపెనీ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఎండోమెంట్‌లో బతికినా పోయినా 10 లక్షలు ఇచ్చి తీరాలి, కాబట్టి ప్రీమియంలో సింహభాగం పొదుపే.

నల్గొండ మాస్టారు:
నాది ఇదే పాలసీ, నాలుగు ప్రీమియంలు కట్టాను. టర్మ్‌లోకి మార్చమంటే కంపెనీ మారుస్తుందా?

పద్దుల రాజు:
అలా మార్చరు మాస్టారూ, అవి వేర్వేరు పాలసీలు. మీ ముందు రెండు దారులు: పాలసీ మధ్యలోనే వదులుకుని ఇచ్చినంత డబ్బు తీసుకోవడం, అంటే సరెండర్ చేయడం, లేదా కట్టడం ఆపి పెయిడ్-అప్‌గా వదిలేయడం.

పెయిడ్-అప్ అయితే 20కి 4 కట్టారు కాబట్టి బీమా 2 లక్షలకు తగ్గుతుంది. ఇప్పటిదాకా రాసిన బోనస్ 1.8 లక్షలు అలాగే ఉంటుంది, కొత్తది రాయరనే అనుకుందాం. 16 ఏళ్ల తర్వాత 3.8 లక్షలు. సరెండర్ డబ్బు పీపీఎఫ్‌లో వేసి 16 ఏళ్లలో 3.8 లక్షలు కావాలంటే ఇవాళ సుమారు 1.27 లక్షలు ఉండాలి. బ్రాంచిలో రెండు అంకెలూ రాతపూర్వకంగా అడగండి. సరెండర్ 1.27 దాటితే తీసేసుకోండి, లేకపోతే పెయిడ్-అప్ మేలు. కట్టిన 2 లక్షలు మొత్తం వెనక్కి వస్తాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ముందు టర్మ్ పాలసీ చేతికి రావాలి, తర్వాతే పాతది ఆపాలి. మెడికల్‌లో షుగర్ బయటపడితే టర్మ్ ఇవ్వకపోవచ్చు, అప్పుడు రెండింటికీ చెడతారు.

వాణి, విశాఖ:
ప్రీమియం వాపసు ఇచ్చే టర్మ్ ఉంది కదా, గొడవే ఉండదు.

పద్దుల రాజు:
దానికి ప్రీమియం బాగా ఎక్కువ. 20 ఏళ్లకి కట్టిందే ఇస్తారు, వడ్డీ ఉండదు. ఆ అదనపు సొమ్ము మీరే పోస్టాఫీసులో వేసుకుంటే నయం.

సుబ్బారావు, రిటైర్డ్:
రాజు గారి లెక్కలు బాగానే ఉన్నాయి గానీ, ఏటా 38,000 గుర్తుపెట్టుకుని వేసేవాళ్లు ఎంతమందండీ? మూడో ఏడే ఫ్రిజ్ కొంటారు. ఎండోమెంట్‌లో ఆపితే నష్టమనే భయం ఉంటుంది, ఆ భయమే పొదుపు చేయిస్తుంది.

పద్దుల రాజు:
ఆ భయం ఉన్నా నాలుగో ఏట ఆపినవాళ్లు మాస్టారిలా ఉన్నారుగా, సుబ్బారావు గారూ.

సుబ్బారావు, రిటైర్డ్:
ఉన్నారు. ఆపకుండా 20 ఏళ్లు కట్టినవాళ్లు ఈ చర్చలోకి వచ్చి అడగరు.

కోనసీమ కుర్రాడు:
ముందు టర్మ్ ఫారం నింపుతున్నా. పీపీఎఫ్‌కి జీతం పడ్డ మర్నాడే బ్యాంకు నుంచి నెలకి 3,200 దానంతటదే వెళ్లేలా పెడితే సుబ్బారావు గారి ఫ్రిజ్ గండం తప్పుతుందా?

సుబ్బారావు, రిటైర్డ్:
పెళ్లయ్యాక చెప్పు బాబూ.