అట్టపెట్టెల సప్లయర్ల మార్కుల పట్టిక: ఎప్పుడు వేసినా తక్కువ రేటు వాడే గెలుస్తున్నాడు

పర్లాకిమిడి పప్పు
మాది పర్లాకిమిడి దగ్గర జీడిపప్పు యూనిట్. రోజుకి నలభై పెట్టెలు పోతాయి, ఒక్కో పెట్టెలో 11.34 కిలోల పౌచులు రెండు. ఐదు ప్లై, అంటే ఐదు పొరల పెట్టెలు ఇచ్చేవాళ్లు ముగ్గురున్నారు. విశాఖ వైపు 'ఎ' 58 రూపాయలు, బరంపురం 'బి' 62, ఊళ్లోనే తెచ్చి అమ్మే 'సి' 66. ఓనరుగారు అడిగారని పట్టిక వేశాను. రేటుకి 40, క్వాలిటీకి 30, డెలివరీకి 15, నమ్మకానికి 15. ప్రతిసారీ ఎ పెద్ద తేడాతో గెలుస్తున్నాడు. ప్యాకింగ్ షెడ్డులో ఆడవాళ్లేమో బి పెట్టెలే నయమంటున్నారు. పట్టికని నమ్మాలా, వాళ్లని నమ్మాలా?

బరంపురం ఆవకాయ
ఆడవాళ్లనే నమ్మండి. ఈ పట్టికలు పెద్ద కంపెనీల వేషాలు. రెండేళ్ల కిందట ఒకడు రేటు తగ్గించి ఇచ్చాడని తీసుకున్నాను. అడుగు ఊడిపోయి గాజు సీసాలు రోడ్డు మీద పడ్డాయి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అలాంటివాడికి ఎన్ని మార్కులేస్తారు? పెట్టెని త్రాసు మీద పెట్టండి, బరువుంటే మంచిది, తేలిపోతే వెనక్కి పంపండి. అంతే.

గంజాం లెక్కలు
ఎ ఆంధ్రా వాడు కదా, ఐజీఎస్టీ పడుతుంది. అది కలిపారా? ఒడిశా వాడి దగ్గర కొంటే ఆ భారం ఉండదు.

రాయగడ స్టోర్స్
గంజాం గారూ, రేటు ఎక్కడైనా అంతే. ఇక్కడ కొంటే రెండు ముక్కలుగా పడుతుంది, అక్కడ కొంటే ఒకే ముక్కగా పడుతుంది. ఈయన జీఎస్టీలో ఉంటే రెండూ క్రెడిట్‌గా వెనక్కి వస్తాయి. పట్టికలో పన్ను లేని రేటే రాయాలి.

పప్పు గారూ, ఒక్కటి చెప్పండి. 58, 62, 66 రూపాయల్ని మార్కులుగా ఎలా మార్చారు?

పర్లాకిమిడి పప్పు
అందరికంటే తక్కువకి నూరు, అందరికంటే ఎక్కువకి సున్నా, మధ్యవాడికి దామాషాలో. అంటే ఎ కి 100, బి కి 50, సి కి 0. నెట్‌లో దొరికిన ఎక్సెల్ షీటులో అలాగే ఉంది.

రాయగడ స్టోర్స్
గెలిపిస్తున్నది ఆ షీటే. బి రేటు ఎ కన్నా నాలుగు రూపాయలే ఎక్కువ, నూటికి ఏడు కూడా కాదు. దానికి మీ షీటు యాభై మార్కులు కోసింది. నలభై శాతం వెయిటు వేస్తే మొత్తంలో ఇరవై మార్కులు. క్వాలిటీలో ఎ కి 60, బి కి 80 వేశారనుకుందాం, ముప్ఫై శాతం వెయిటుతో తేడా ఆరు మార్కులే. మీ షెడ్డు మొత్తం గొంతు చించుకున్నా ఆరే.

ఇంకో సంగతి చూడండి. సి ని షీటులోంచి తీసేయండి. బి ఒక్క పైసా రేటు మార్చకపోయినా వాడి 50 కాస్తా సున్నా అవుతుంది. సంబంధం లేని మూడోవాడు ఉంటే ఒక మార్కు, లేకపోతే ఇంకో మార్కు. అందుకే తక్కువ రేటుని ఎవరి రేటుతో వాళ్లకి భాగించండి. 58ని 62తో భాగిస్తే బి కి 93.5, 66తో భాగిస్తే సి కి 88 వస్తాయి. ఎ కి, బి కి మధ్య తేడా మొత్తంలో రెండున్నర మార్కులకి దిగుతుంది.

జయపురం కాఫీ
మా కాఫీ పౌచులకి ప్రింటు వేసే సిలిండర్ల ఖర్చు వేరేగా అడుగుతున్నారు, అది రేటులో కలపాలా? మూడు రంగులు.

బరంపురం ఆవకాయ
చూశారా, ఒక షీటు ఎ ని గెలిపిస్తుంది, ఇంకో షీటు బి ని గెలిపిస్తుంది. అందుకే నేను త్రాసు అన్నాను.

రాయగడ స్టోర్స్
త్రాసు మాట సగం నిజమే. ఆర్డరులో 820 గ్రాములని రాసి 740 వస్తే కాగితం పల్చబరిచినట్టే. కానీ వానాకాలంలో తడి పీల్చిన పెట్టె బరువు ఎక్కువే తూగుతుంది, నిలబడే బలం మాత్రం తగ్గిపోయి ఉంటుంది. మీ లెక్కన అది మంచి పెట్టె. గుచ్చి చూసే తేమ మీటరు చవకే, దొంతరలో మధ్య పెట్టెకి గుచ్చండి. ఎనిమిది నుంచి పది శాతం ఉంటే దిగులు లేదు. పన్నెండు, పదమూడు చూపిస్తే బరువు ఎంతున్నా లారీ దింపనివ్వకండి.

కాశీనగర్ కుర్రాడు
జేకేపూర్‌లో పేపరు మిల్లు పెట్టుకుని విశాఖ నుంచి అట్ట తెచ్చుకోవడం ఏంటండీ?

రాయగడ స్టోర్స్
అక్కడ తీసేది రాసుకునే కాగితం, ప్రింటింగ్ కాగితం. పెట్టెకి కావాల్సింది క్రాఫ్ట్ అనే గట్టి గోధుమరంగు కాగితం.

పర్లాకిమిడి పప్పు
సరే, రేటు మార్కులు మార్చాను. అయినా ఎ నే ముందున్నాడు, కొంచెం తేడాతో. డెలివరీలో వాడి సగటు ఏడు రోజులు, బి ది తొమ్మిది.

డబ్బా మిషను
సగటు మాకొద్దు, ఒక్కో లోడు ఎన్ని రోజులకి వచ్చిందో పెట్టండి. నాది గుణుపురంలో చిన్న పెట్టెల షెడ్డు. ఎ, బి, సి లలో నేను లేను, ముందే చెబుతున్నా.

పర్లాకిమిడి పప్పు
ఎ: 4, 5, 5, 6, 15. బి: 9, 9, 8, 10, 9. ఆర్డరుకి వెయ్యి పెట్టెలు.

రాయగడ స్టోర్స్
మీ దగ్గర పది రోజుల స్టాకు ఉండగా ఆర్డరు పెడతారనుకుందాం. బి తో ఒక్కసారీ షెడ్డు ఆగదు. ఎ నాలుగుసార్లు తొందరగా తెచ్చి ఐదోసారి ఐదు రోజులు కూర్చోబెట్టాడు. ముందు తెచ్చినందుకు మీకు లాభమేమీ లేదు, పెట్టెలు గోడౌన్‌లో పడున్నాయంతే. డెలివరీ గడిలో సగటు తీసేసి అందరికన్నా ఆలస్యమైన లోడు రాయండి. ఆ పదిహేను రోజులకే 'నమ్మకం' గడిలో కూడా మార్కులు కోశారా? కోస్తే ఒకే తప్పుకి రెండు దెబ్బలు.

డబ్బా మిషను
ఆ పదిహేను ఏ రోజు నుంచి లెక్కేశారు?

పర్లాకిమిడి పప్పు
పీఓ, అంటే ఆర్డరు కాగితం, మెయిల్ పెట్టిన రోజు నుంచి.

డబ్బా మిషను
ఆ లోడుకి ప్రింటు మార్చారా?

పర్లాకిమిడి పప్పు
మార్చాం. లైసెన్సు నంబరు మారింది, కొత్త డిజైను పంపాం. ఓకే చెప్పింది వారం తర్వాత. అయితే ఏంటి? పెట్టెలు రాలేదు కదా. మా షెడ్డులో కూలీలు ఖాళీగా కూర్చున్నారు కదా. ఆ కూలి ఎవరిస్తారు?

డబ్బా మిషను
అదీ మీ పట్టిక! డిజైను ఓకే కానిదే ప్రింటు బ్లాకు చేయలేం, బ్లాకు లేనిదే ప్రింటు లేదు. ఓకే అన్నాక వాడు ఎనిమిది రోజుల్లో ఇచ్చాడు. మీ వారం రోజుల్ని వాడి నెత్తిన రాసి 'నమ్మకం లేదు' అని గడి నింపుతారు. నన్నూ ఒక మిల్లు ఇలాగే తీసేసింది. ఎర్ర రంగు పూసిన షీటు వాట్సాప్‌లో పంపారు. వాళ్లు నాకు డబ్బు ఇచ్చింది నాలుగు నెలలకి. ఆ గడి ఏ షీటులోనూ ఉండదు.

బరంపురం ఆవకాయ
మీరంతా ఒకటే. నా సీసాలు పగిలినప్పుడు కూడా 'మీ హమాలీ విసిరాడు' అన్నారు.

డబ్బా మిషను
విసిరాడేమో!

బరంపురం ఆవకాయ
మీరు చూశారా బాబూ? నోరు అదుపులో పెట్టుకోండి.

గంజాం లెక్కలు
ఐజీఎస్టీ క్రెడిట్ వచ్చేదాకా డబ్బు ఇరుక్కుపోతుంది కదా, ఆ మాట ఎవరూ ఒప్పుకోరే.

రాయగడ స్టోర్స్
గంజాం గారూ, ఒడిశా బిల్లుకీ అంతే ఇరుక్కుంటుంది.

పప్పు గారూ, లెక్క పీఓ రోజు నుంచి కాదు, అడ్వాన్సూ డిజైనూ రెండూ అవతలివాడికి అందిన రోజు నుంచి మొదలుపెట్టండి. మీవైపు పోయిన రోజులు పక్కన వేరే గడిలో రాయండి. ఇంతకీ నాకొకటి అర్థం కావట్లేదు. ఎ మీద మీరే కోపంగా ఉన్నారు, షెడ్డు కూడా బి అంటోంది. మరి ఎ ని వదలడానికి అడ్డేంటి?

పర్లాకిమిడి పప్పు
అడ్డు ఓనరుగారు. ఎ అరవై రోజులు అప్పు ఇస్తాడు. బి సగం అడ్వాన్సు, మిగతాది లోడు దిగగానే అంటాడు. పచ్చి గింజల సీజనులో ఉన్న డబ్బంతా గింజల మీద పెడతాం, పెట్టెలకి అడ్వాన్సు ఎక్కడి నుంచి తేను? ఓనరుగారికి ముందే ఎ కావాలి, దానికి నా చేత పట్టిక వేయించారు. నాకు తెలీదా?

డబ్బా మిషను
ఈ మాట మొదటే చెప్పుంటే సరిపోయేది. గొడవ క్వాలిటీ గురించీ కాదు, రోజుల గురించీ కాదన్నమాట. ఇంకో సంగతి, ఎ చిన్న పరిశ్రమగా ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదై ఉంటే అరవై రోజులు చెల్లదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15. దాటితే మీ ఆడిటరు ఆ ఖర్చుని ఆ ఏడాది ఆదాయంలోంచి తీసేయనివ్వడు, కట్టిన ఏడాదిలోనే.

పర్లాకిమిడి పప్పు
అరవై వాడే ఇస్తానన్నాడు, మేం అడగలేదు.

డబ్బా మిషను
ఇవ్వనంటే ఆర్డరు పోతుంది. ఇస్తాడు మరి.

రాయగడ స్టోర్స్
అప్పు సంగతి దాచేసి మార్కులు దిద్దుకునే కన్నా దాన్నీ రూపాయల్లోకి మార్చేయండి. ఎ రేటులో లారీ కిరాయి ఉందా? నూటికి ఎన్ని పెట్టెలు తీసేస్తున్నారు?

పర్లాకిమిడి పప్పు
కిరాయి మాదే, పెట్టెకి రెండున్నర పడుతుంది. బి రేటులో కిరాయి కలిసే ఉంది. దింపేటప్పుడు ఎ వి నూటికి నాలుగు పోతాయి, బి ది ఒకటి. పోయినవాటికి ఇద్దరూ డబ్బు తిరిగి ఇవ్వరు.

రాయగడ స్టోర్స్
అయితే ఎ పెట్టె చేరేసరికి 60.50. నూటికి 96 మాత్రమే పనికొస్తాయి కాబట్టి మంచి పెట్టె ఒకటి 63.02 పడుతుంది. బి 62ని 99తో లెక్కేస్తే 62.63. అంటే 58 వాడు 62 వాడి కన్నా నలభై పైసలు ఖరీదు!

ఇప్పుడు అప్పు. బ్యాంకు వడ్డీ ఏడాదికి 12 శాతం అనుకుంటే, వాడి 58 మీద అరవై రోజులకి పెట్టెకి సుమారు రూపాయి పదిహేను పైసలు మిగులుతాయి. 45 రోజులే అయితే ఎనభై ఐదు పైసలు. బి అడ్వాన్సు మీద తొమ్మిది రోజుల వడ్డీ పది పైసలు కూడా రాదు. ఆ ఐదు రోజులూ షెడ్డు ఆపకుండా సి దగ్గర రెండు వందల పెట్టెలు కొని ఉంటే అదనంగా 1,100 అయ్యుండేది, ఐదు వేల పెట్టెల మీద పంచితే 22 పైసలు. అన్నీ కలిపినా ఎ ముప్ఫై నుంచి అరవై పైసలు ముందున్నాడు. మీ ఓనరుగారు మరీ తెలివితక్కువ పని చేయట్లేదు.

బరంపురం ఆవకాయ
ఇంత లెక్కా చేసి మళ్లీ ఎ దగ్గరకే వచ్చారా?

డబ్బా మిషను
మీ లెక్కలో ఒక చిల్లు ఉంది. ఎ అప్పు వడ్డీ వాడి 58లోనే ఉంటుంది. 'నగదు ఇస్తే ఎంత' అని అడగండి, రూపాయో రూపాయిన్నరో దిగుతాడు. బి ని కూడా 'నెల రోజులు ఆగితే ఎంత' అని అడగండి. అప్పుడు ఇద్దరినీ పక్కపక్కన పెట్టండి.

పర్లాకిమిడి పప్పు
అడుగుతాను. కానీ షెడ్డులో వాళ్లు చెప్పేది లారీ దింపేటప్పుడు పోయిన పెట్టెల గురించి కాదు. ఆరు వరసలు పేర్చితే వానల్లో ఎ పెట్టె అడుగు వరసలో పొట్ట ఉబ్బి, గమ్ము విడిపోతోందంటున్నారు. అది నా రిజిస్టరులో లేదు.

రాయగడ స్టోర్స్
అది రిజిస్టరుకి ఎక్కాల్సిందే. వచ్చే లోడుల్లో ఇద్దరివీ పది పది పెట్టెలు నింపి, ఒకే గోడౌన్‌లో ఆరు వరసలు పేర్చి, వానల్లో పది రోజులు వదిలేయండి. ఉబ్బినవెన్నో లెక్కపెట్టండి. ఒక్క పెట్టె విప్పి మళ్లీ ప్యాక్ చేయడానికి కూలీ, పౌచూ ఎంతవుతుందో మీకే తెలుసు. నూటికి ఒకటి రెండు ఉబ్బినా ఆ అరవై పైసలు మిగలవు.

జయపురం కాఫీ
నా సిలిండర్ల సంగతి?

గంజాం లెక్కలు
సిలిండర్ల మీద కూడా జీఎస్టీ ఉంటుంది, చూసుకోండి.