ఈమెయిల్లో పేరు తప్పు రాస్తే సరిదిద్దాలా, వదిలేయాలా?

వి_అంటే_ఇంటిపేరు:
నా పేరు వి. కిరణ్మయి అనుకోండి. జర్మనీ క్లయింట్ ‘డియర్ మిస్టర్ కిరణ్మయి’ అని రాస్తాడు. ఆఫీసు పోర్టల్ నుంచేమో ‘డియర్ వి’ అని వస్తుంది. మేనేజర్‌గారు చూసి కూడా ఊరుకుంటారు. సరిదిద్దితే పొగరనుకుంటారేమోనని టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

రిటైర్డ్_సూపరింటెండెంట్:
వదిలేయమ్మా. మా ఆఫీసులో ఆడవాళ్లు సంతకం కింద పేరు పక్కన బ్రాకెట్లో శ్రీమతి అనో కుమారి అనో వేసేవారు. అయినా జవాబు ‘ఆర్యా’ అనే వచ్చేది. పని జరిగిందా లేదా అన్నదే చూసుకునేవాళ్లం.

డైరెక్టరీ_పనివాడు:
సూపరింటెండెంట్‌గారూ, ఇక్కడ తప్పులు రెండు. రెంటికీ మందు వేరు. ‘డియర్ వి’ అని రాసింది మనిషి కాదు. ఉద్యోగంలో చేరేటప్పుడు First name గడిలో V, Last name గడిలో Kiranmai పడి ఉంటాయి. మనం పేరు రాసే వరస అదే కదా. పోర్టల్ మొదటి గడిలో ఉన్నది తెచ్చి ‘డియర్’ పక్కన అతికిస్తుంది.

అలాగని వెంటనే హెచ్ఆర్ రికార్డు మార్పించకండి. పాన్, ఆధార్‌లలో పేరు ఎలా ఉందో ముందు చూసుకోండి. వాటితో తేడా వస్తే తర్వాత పీఎఫ్ క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. మీ సిస్టమ్‌లో Preferred name అనే గడి ఉంటే అందులో Kiranmai అని పెట్టించి, పోర్టల్ మెయిళ్లు ఆ గడినే వాడేలా చేయమని అడగండి. మెయిల్లో పంపినవారి పేరుగా కనిపించే Display name మళ్లీ వేరే గడి. దాన్ని ఐటీ వాళ్లు మార్చాలి. మార్చాక కూడా కొందరికి అవుట్‌లుక్‌లో మీ పాత పేరే వస్తుంది. అడ్రసు టైప్ చేస్తుంటే వచ్చే సూచనల్లో పాతది మిగిలిపోవడమే కారణం. వాళ్లు దాని పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేయాలి.

బందరు_కుర్రాడు:
ఇంత అవసరమా? Last nameలో ఇంటిపేరు పూర్తిగా టైప్ చేస్తే అన్నీ సరిపోతాయి.

మ్యూనిక్_తెలుగు:
సగమే సరిపోతాయి తమ్ముడూ. అప్పుడు ఇక్కడివాళ్లు ఇంటిపేరుతో ‘ఫ్రావ్ వేమూరి’ అని పిలుస్తారు. ఆవిడకు తనను పిలిచినట్టే అనిపించదు. ఇప్పుడు Last nameలో సొంత పేరు ఉండబట్టే కనీసం ‘కిరణ్మయి’ అని వస్తోంది.

ఇక ‘మిస్టర్’ సంగతి. జర్మన్ మర్యాద ఉత్తరంలో మొదటి పలకరింపులోనే ఆడో మగో తేలిపోవాలి: మగవారికి Sehr geehrter Herr, ఆడవారికి Sehr geehrte Frau. ఇంగ్లీషులో రాసినా ఆ అలవాటు పోదు. కిరణ్మయి ఆడపేరని అతనికెలా తెలుస్తుంది? ఊహించి రాస్తాడు. అవమానించాలని కాదు, కాబట్టి చెబితే ఏమీ అనుకోడు. సంతకంలో Ms. Kiranmai Vemuri అని పెట్టండి. తర్వాతి జవాబులో పని సంగతంతా అయ్యాక చివర ఒక్క వాక్యం: ‘చిన్న సవరణ, నేను మిస్టర్ కాదు, మిజ్. కిరణ్మయి అంటే చాలు.’ అందరికీ కాపీ పెట్టకుండా అతనికొక్కడికే పంపండి. పదిమందిలో చెబితేనే నొచ్చుకుంటాడు.

డాలస్_అన్నయ్య:
నా బాధ వినండి. పాస్‌పోర్టులో నాకు ఒక్కటే పేరు. వీసాలో First name చోట ‘మొదటి పేరు తెలియదు’ అనే అర్థంలో FNU అని కొట్టారు. బ్యాంకు మెయిళ్లన్నీ ‘డియర్ ఎఫ్ఎన్‌యూ’ అనే. ఇంటిపేరు ఉన్న మీరు అదృష్టవంతులు!

మ్యూనిక్_తెలుగు:
అన్నా, అది వీసా తంటా, సంతకం మార్చుకుంటే పోయేది కాదు. దానికి వేరే ప్రశ్న పెట్టండి.

పాలమూరు_టీచర్:
అసలీ సార్, మేడమ్ ఎందుకండీ? కేరళలో పాలక్కాడ్ జిల్లా మాతూర్ పంచాయతీ 2021లోనే ఆఫీసులో ఆ పిలుపులు తీసేసింది. తెలుగువాళ్లకు రాస్తే ‘కిరణ్మయి గారికి’ అంటే సరి. గారుకు ఆడామగా తేడా లేదు. పైగా ‘డియర్ సర్ రమేశ్’ అని రాసేవాళ్లను చూశాను. బ్రిటన్ వాళ్లు చదివితే రమేశ్‌కు నైట్‌హుడ్ వచ్చిందనుకుంటారు!

రిటైర్డ్_సూపరింటెండెంట్:
కలెక్టరుకు ‘ఫలానా గారికి’ అని పేరు పెట్టి రాస్తే ఏమవుతుందో మీకు తెలియదు టీచరమ్మా.

వి_అంటే_ఇంటిపేరు:
క్లయింట్‌కు ఆ వాక్యం పంపాను. ‘సారీ’ అని వెంటనే జవాబొచ్చింది. మా సిస్టమ్‌లో మాత్రం Preferred name గడే లేదట. మరి మా డైరెక్టర్‌గారు నాకు ‘డియర్ సర్’ అని పంపితే ఆయనకు ఎవరు చెప్పాలి?

బందరు_కుర్రాడు:
మేనేజర్‌తో చెప్పించండి.

డైరెక్టరీ_పనివాడు:
చూసి ఊరుకుంటున్నది ఆయనే కదా బాబూ. నేనైతే డైరెక్టర్ పీఏకి ఫోన్ చేస్తాను. అలాంటి మెయిళ్లు చాలాచోట్ల టైప్ చేసేది పీఏలే.