నాన్‌స్టిక్ పెనం పూత పోయేది అట్లకాడతోనా, మంటతోనా?

వనజ, మిర్యాలగూడ: పెనం కొని ఏడాది కాలేదు. నడుమ దోసె అంటుకుంటోంది, అంచుల దగ్గర మంచిగనే వస్తోంది. స్టీలు అట్లకాడ వల్లే అని మా అత్తమ్మ, మంట ఎక్కువైందని మా ఆయన. ఎవరి మాట నిజం?

శ్రీను, నారాయణపేట: అత్తమ్మ మాటే నిజం అక్కా. కట్టె గరిటె వాడితే పదేళ్లయినా ఏం కాదు.

యాదగిరి, నల్లగొండ (గిన్నెల షాపు): సగమే నిజం తమ్ముడూ. అట్లకాడతో పోతే గీతలు కనబడతాయి, అంటుకునేది కూడా ఆ గీతల వెంటే. వనజమ్మా, మీకు గీతల్లేకుండా నడుమ గుండ్రంగా మెరుపు పోయిందంటే అది మంట పనే. ఈ పూత 260 డిగ్రీలు దాటితే మెల్లగా చెడిపోతుంది. పెద్ద మంట మీద ఖాళీ పెనం కొన్ని నిమిషాల్లోనే అంత వేడెక్కుతుంది.

ఇనుప పెనం అలవాటున్న చేయి ముందు బాగా కాల్చి, నీళ్లు చిలకరించి, సుయ్‌మన్నాక పిండి పోస్తుంది. నాన్‌స్టిక్‌కు ఇది రెండు విధాలా చేటు. వేడికి సాగిన అల్యూమినియం చల్లనీళ్లు పడగానే ముడుచుకుంటుంది. పూత దానితో సమానంగా ముడుచుకోదు. రోజూ ఇలాగే జరిగితే పట్టు వదిలి బుడగలు, పొరలు లేస్తాయి. దించగానే కుళాయి కింద పెట్టినా అంతే.

చల్లటి పెనం మీదే నాలుగు చుక్కల రిఫైన్డ్ పల్లీనూనె రాసి, నడిమి మంట పెట్టండి. ఆ నూనె 230 డిగ్రీల దగ్గర పొగ వదులుతుంది. పొగ కనబడితే మంట తగ్గించే వ్యవధి ఇంకా ఉన్నట్టే. ఖాళీ పెనం అలా ముందుగా చెప్పదు.

సబిత, మహబూబ్‌నగర్: నేను దానిమీద జొన్న రొట్టెలు చేస్తున్న. ఒక్క గీత లేదు గానీ తెల్లబారింది. మా బోరునీళ్ల ఉప్పేనా అన్నా?

యాదగిరి: నిమ్మకాయతో రుద్దు చెల్లెమ్మా. పోతే నీళ్ల ఉప్పు, పోకుంటే పూత చెడినట్టు. జొన్న రొట్టెకు నూనె ఉండదు, మంట పెద్దగా కావాలి, ఒకదాని తర్వాత ఒకటి కాల్చాలి. దానికి ఇనుప పెనమే పెట్టుకో.

రజిత, దేవరకొండ: మా పెనం మీద వంకర గీతలున్నాయి. అట్లకాడ పెట్టనే పెట్టం.

యాదగిరి: అరలో దానిమీద ఇంకో గిన్నె పెడుతున్నారా? ఆ గిన్నె అడుగు అంచు వంపుకు గీతలు సరిపోతాయేమో చూడండి. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు రాసుకుంటుంది. నడుమ మందం గుడ్డ వేస్తే చాలు.

శ్రీను: మా వదిన గుడ్డ లేకుండానే పేరుస్తుంది, ఆమెది మంచిగనే ఉంది మరి.

యాదగిరి: పూత మందం అన్నిటికీ ఒకేలా ఉండదు తమ్ముడూ. వాళ్ల పెనం చూడకుండా చెప్పలేను.

వనజ: నడుమ గోధుమరంగుగా ఉంది, వేలికి జిగురు తగులుతోంది.

యాదగిరి: అయితే ఆగండి, కొత్తది కొనకండి. అది మాడిన నూనె కావచ్చు. నీళ్లు పోసి చెంచా వంటసోడా వేసి చిన్న మంట మీద మరిగించి, చల్లారాక మెత్తని స్పాంజితో తుడవండి. జిగురు పోయి దోసె లేస్తే పూత ఉన్నట్టే.

వనజ: రేపు పొద్దున దోసె పోసి చెప్తాను.