హోంస్టే ప్రకటనలో ‘నిమ్మళం’ అనవచ్చా?

మన్ననూరు సభ్యురాలు: మాది మూడు గదుల హోంస్టే. జులై నుంచి సెప్టెంబరు దాకా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సఫారీ ఆపేస్తారు కనుక, ఆ మూడు నెలలు 2,000 రూపాయల గదిని 1,500కు ఇస్తున్నాం. పోయిన ఏడు ‘అన్‌సీజన్ ఆఫర్, 25 శాతం తగ్గింపు’ అని పెడితే, ఫోన్ చేసినవారంతా ఇంకెంత తగ్గిస్తారనే అడిగారు. అందుకే ఈసారి ‘ప్రకృతి ఒడిలో ప్రశాంతతను ఆస్వాదించండి’ అని రాశాను. సరిపోతుందా?

దేవరకొండ ఉపాధ్యాయురాలు: ఆ వాక్యం ఏ ఊరి ఇంటికైనా సరిపోతుందమ్మా, దాని లోపమే అది. జ్వరం తగ్గినవారిని మనం ‘పానం నిమ్మళమైందా’ అని పలకరిస్తాం, తొందరపడే పిల్లవాణ్ణి ‘నిమ్మళంగా తిను’ అంటాం. నిశ్శబ్దమంటే చప్పుడు లేకపోవడం ఒక్కటే. నిమ్మళంలో తొందర లేకపోవడం, ఒళ్లు తేలికపడటం కూడా ఉన్నాయి. మీ ఇంట్లో దొరికేది ఇదే అయితే ఆ మాటే వాడండి.

నాగార్జునసాగర్ సభ్యుడు: మా దగ్గర వానకాలమే సీజను. డ్యాం గేట్లు ఎత్తితే గదులు దొరకవు. మీరూ ధర పెంచి చూడండి.

నల్గొండ సభ్యుడు: నిమ్మళం ‘నిర్మలం’ నుంచి వచ్చింది కనుక, గదులు శుభ్రంగా ఉంటాయని కూడా చెప్పినట్లవుతుంది.

ఉపాధ్యాయురాలు: పుట్టుక అదే కావచ్చు. కానీ ఊడ్చిన వాకిలిని చూసి నిమ్మళంగా ఉందని మనమెవరమూ అనం.

మన్ననూరు సభ్యురాలు: అడవి దారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. ‘రాత్రి ఏ చప్పుడూ ఉండదు’ అని రాయనా?

అచ్చంపేట సభ్యుడు: ఇల్లు చెక్‌పోస్టు పక్కన అయితే రాయకండి. రాత్రి ఆగిన లారీలు పొద్దున ఆరింటికి ఒక్కసారే స్టార్టవుతాయి.

మన్ననూరు సభ్యురాలు: అక్కడికి కిలోమీటరు దూరంలో, చేన్ల నడుమ ఉంటుంది. కానీ వరండా కప్పు రేకులది. వాన పడితే పక్కవారి మాట కూడా వినపడదు.

ఉపాధ్యాయురాలు: అయితే ఆ చప్పుడునే ముందు చెప్పండి. లేదని రాసి, వచ్చినవారికి వినిపిస్తే అది ఫిర్యాదవుతుంది. ముందే చెబితే దాని కోసమే వచ్చేవారుంటారు. ధరను చివరి వాక్యంలో, శాతం లేకుండా, రూపాయల్లో రాయండి. ఇలా: ‘రేకుల మీద వాన తప్ప వేరే చప్పుడు లేదు. మీరు లేచినప్పుడే చాయ్. వానకాలం రెండు రోజులు మా ఇంట్లో నిమ్మళంగా ఉండండి. సెప్టెంబరు నెలాఖరు దాకా గది రోజుకు 1,500, మామూలుగా 2,000.’

అచ్చంపేట సభ్యుడు: ‘ఈ నెలల్లో సఫారీ ఉండదు’ అన్న మాట కూడా చేర్చండి. పులిని చూద్దామని పిల్లలతో వచ్చినవారికి వాన చప్పుడు ఎంత చెప్పినా నచ్చదు.

నల్గొండ సభ్యుడు: విజయవాడ నుంచి వచ్చేవారికి ‘నిమ్మళం’ తెలుస్తుందా? ‘నెమ్మదిగా’ అంటే అందరికీ అర్థమవుతుంది.

ఉపాధ్యాయురాలు: ‘నెమ్మదిగా’ అంటే మెల్లగా అనే అర్థమే ముందు తడుతుంది. నేనైతే మార్చను.

మన్ననూరు సభ్యురాలు: సఫారీ మాట చేరుస్తాను. జులైలో ‘నిమ్మళం’తో, ఆగస్టులో ‘నెమ్మది’తో పెట్టి, ఫోన్ చేసినవారు మొదట ధర అడుగుతున్నారా, గది గురించి అడుగుతున్నారా అని రాసిపెట్టుకుంటాను.