"అప్రూవల్ వచ్చేసింది" అని చెప్పి ప్లాటు అమ్మారు: ఇది మోసమా, అమ్మేవాళ్లు మామూలుగా చెప్పే మాటలేనా?

షాద్‌నగర్ ప్లాటు:
షాద్‌నగర్ దగ్గర 200 గజాలు, గజం 9,000 చొప్పున మాట్లాడుకుని 5 లక్షలు కట్టాను. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంట్ రాశారు, రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. బ్రోచర్లో "డీటీసీపీ అప్రూవ్డ్ లేఔట్, 40 అడుగుల రోడ్డు, రెండేళ్లలో రేటు డబుల్" అని ఉంది. ఆర్‌టీఐ వేస్తే అప్రూవల్ రాలేదని, కాగితాలు తక్కువున్నాయని ఫైలు వెనక్కి పంపి షార్ట్‌ఫాల్‌లో పెట్టారని తేలింది. రోడ్డు 20 అడుగుల మట్టిబాట. అడిగితే "అవన్నీ మార్కెటింగ్ మాటలు సార్" అంటున్నారు. డబ్బు వెనక్కి వస్తుందా?

కావలి శ్రీను:
అన్నా, టెన్షన్ పడకు. మోసం చేసి రాయించుకున్న అగ్రిమెంట్ అసలు చెల్లదు, చిత్తు కాగితంతో సమానం. నువ్వేం చేయనక్కర్లేదు, మిగతా డబ్బు కట్టకుండా ఊరుకో చాలు.

రియల్టర్ 2009:
నేను పదిహేనేళ్లుగా ఈ ఫీల్డ్‌లోనే ఉన్నాను కాబట్టి మా వైపు కూడా వినండి. "డబుల్ అవుతుంది" అనకుండా ప్లాటు అమ్మినవాడిని నేను చూడలేదు, వినేవాళ్లకి కూడా అది ఊహేనని తెలుసు. ఇక రోడ్డంటారా, సైట్ విజిట్‌కి వెళ్లి కళ్లారా చూసి వచ్చాకే కదా డబ్బు కట్టారు? అన్ని కాగితాలూ పరిశీలించి తృప్తి చెందామని అగ్రిమెంట్లో సంతకం కూడా పెట్టి ఉంటారు.

పాత ప్లీడరు:
శ్రీను గారు సగమే చెప్పారు, ఆ మిగిలిన సగంలోనే ప్రమాదం ఉంది. అలాంటి ఒప్పందం దానంతటదే రద్దు కాదు. రద్దు చేసుకునే హక్కు మోసపోయినవాడికి ఉంటుంది, ఆ హక్కు వాడుకునేదాకా ఒప్పందం బతికే ఉంటుంది. మీరు నోటీసు ఇవ్వకుండా ఊరికే వాయిదాలు ఆపితే వాళ్లే ముందు నోటీసు పంపి, గడువు తప్పారని అడ్వాన్స్ జప్తు చేసుకుంటారు.

బ్రోచర్లోని మూడు మాటలూ ఒక గాటన కట్టేవి కావు. రేటు డబుల్ అవుతుందన్నది రేపటి గురించి ఆశ, దాన్ని కోర్టు పెద్దగా పట్టించుకోదు. అప్రూవల్ వచ్చిందన్నది అలా కాదు, ఆ రోజుకి ఆఫీసులో కాగితం ఉందా లేదా అని తేల్చగలిగే విషయం. అమ్మేవాడు ఎంత ఉత్సాహంగా చెప్పాడన్నది కాదు ప్రశ్న, ఆ మాట నిజమో అబద్ధమో ఆ రోజే చూసి చెప్పగలమా అన్నదే ప్రశ్న.

రోడ్డు విషయంలో మాత్రం రియల్టర్ గారి మాటలో బలం ఉంది. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 19లో ఒక మినహాయింపు ఉంది. పొరపాటున చెప్పిన తప్పుమాటైతే, మామూలు శ్రద్ధ పెడితే మీరే నిజం తెలుసుకోగలిగేవారైతే, ఒప్పందం రద్దు చేసుకోలేరు. బాట మీ కళ్ల ముందే ఉంది. కానీ తెలిసి తెలిసి చెప్పిన అబద్ధానికి ఈ మినహాయింపు వర్తించదు, "నువ్వు చూసుకోవాల్సింది" అని అబద్ధమాడినవాడు తప్పించుకోలేడు. అందుకే అడుగుతున్నాను: షార్ట్‌ఫాల్ లెటర్ తేదీ ముందా, బ్రోచర్ ముందా?

షాద్‌నగర్ ప్లాటు:
లెటర్ మార్చి 6వ తేదీది. బ్రోచర్ నాకు వాట్సాప్‌లో మే 19న పంపారు.

పాత ప్లీడరు:
అయితే మీ చేతిలో ఉన్నవాటిలో అన్నిటికంటే బలమైన కాగితం అదే. ఫైలు వెనక్కి వచ్చిందని తెలిసిన రెండు నెలల తర్వాత అప్రూవ్డ్ అని అచ్చు వేశారంటే, తెలియక అన్నామని చెప్పడం వాళ్లకి కష్టం. ఆ లెటర్ వాళ్లకి అందిందని కూడా రుజువు కావాలి, కాబట్టి డిస్పాచ్ వివరాల కోసం ఇంకో ఆర్‌టీఐ వేయండి. తృప్తి చెందామన్న క్లాజు ఇంత స్పష్టమైన అబద్ధాన్ని కాపాడదు.

లక్ష్మి మియాపూర్:
నాదీ ఇలాంటిదే, కారు విషయంలో. "సింగిల్ ఓనర్, ఇంజన్ వెన్నలా ఉంటుంది" అని చెప్పి పాత కారు అంటగట్టారు. తర్వాత చూస్తే నేను మూడో ఓనర్‌ని. కోపంతో రోజూ ఫోన్లు చేశాను కానీ బండి మాత్రం వాడుతూనే ఉన్నాను, ఎనిమిది నెలల్లో 11,000 కిలోమీటర్లు తిరిగింది. నోటీసు పంపితే, తెలిశాక కూడా వాడుకున్నారు కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు. చివరికి 60,000 ఇస్తే రాజీపడ్డాను. మీ ప్లాటుకి కూడా కన్స్యూమర్ కోర్టే బెస్ట్ అనిపిస్తోంది.

పాత ప్లీడరు:
మేడమ్, ఇంజన్ వెన్నలా ఉండటం పొగడ్త, సింగిల్ ఓనర్ అన్నది అబద్ధం. మీరు బండి తిప్పడం వల్ల పోయింది వెనక్కి ఇచ్చే హక్కు, నష్టం అడిగే దారి మిగిలే ఉంది కాబట్టే వాళ్లు దిగివచ్చారు.

ప్లాటు గారికి కూడా ఇదే వర్తిస్తుంది. ఈ నిజం తెలిశాక ఇంకొక్క వాయిదా కట్టినా, ప్లాటు మార్చమని బేరమాడినా, ఒప్పందాన్ని ఒప్పుకున్నట్టు వాదిస్తారు. మీ ముందు రెండు దారులున్నాయి, రెండూ కలిపి నడవలేరు. రద్దు దారిలో 5 లక్షలు, వడ్డీ, అగ్రిమెంట్ ఖర్చులు అడుగుతారు, ప్లాటు వదిలేస్తారు. రెండోది ప్లాటు ఉంచుకుని, అప్రూవల్ ఉంటే ఎలా ఉండేవారో ఆ స్థితికి తెమ్మని అడగడం. అప్రూవల్ లేని ప్లాటు అక్కడ గజం 6,000 పలుకుతుందనుకుందాం. తేడా 3,000, 200 గజాలకి 6 లక్షలు. చూడ్డానికి ఈ దారిలో అంకె పెద్దదే, కానీ ఇల్లు కట్టుకోవడానికి అనుమతి కష్టమయ్యే నేల మీ నెత్తిన ఉంటుంది, మిగతా 13 లక్షల సంగతీ తేలాలి. నేనైతే రద్దే చేసుకుంటాను.

రియల్టర్ 2009:
రద్దు చేసుకున్నా, పెరిగే రేటు పోయిందని పరిహారం కూడా అడగొచ్చంటున్నారు కొందరు. అది న్యాయమా? ప్లాటు వద్దంటూనే దాని లాభం కావాలనడమే కదా.

పాత ప్లీడరు:
ఆ ప్రశ్న మంచిదే. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 75 రద్దు చేసుకున్నవాడికి పరిహారం ఇస్తుంది, కానీ అది ఎంతదాకా అన్నదాని మీద వాదనకి చోటుంది. అందుకే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ అథారిటీ దారి మేలు. లేఔట్ 500 చదరపు మీటర్లు దాటితే రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. 2016 రెరా చట్టం సెక్షన్ 12 ప్రకారం, ప్రకటనలో అబద్ధం నమ్మి నష్టపోయినవాడు బయటికి రావాలనుకుంటే మొత్తం డబ్బు వడ్డీతో, పరిహారంతో రావాలి. రీఫండ్, వడ్డీ అథారిటీ తేలుస్తుంది, పరిహారం అడ్జుడికేటింగ్ ఆఫీసర్ తేలుస్తారని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఒకే అర్జీలో అన్నీ కలిపేయకండి. ఇంకోటి, రిజిస్టర్ చేయని అగ్రిమెంట్ మీద ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. 18 లక్షలకి అది 1,80,000. వాళ్లు 5 లక్షలు తీసుకున్నారు.

కావలి శ్రీను:
సారీ అన్నా, నేను తప్పు చెప్పాను. కానీ డబుల్ మాట వదిలేయడం నాకు నచ్చలేదు, అది నమ్మే కదా జనం అప్పు చేసి కొనేది?

షాద్‌నగర్ ప్లాటు:
అదే ఇప్పుడు వెతికాను. ఏజెంట్ మెసేజ్ దొరికింది: "24 నెలల్లో డబుల్ కాకపోతే గజం 18,000కి కంపెనీయే తిరిగి కొంటుంది."

పాత ప్లీడరు:
ఇది పొగడ్త కాదు, గడువు, రేటు, కొనేవాడు అన్నీ ఉన్న మాట. 1891లో లండన్‌లో కార్బాలిక్ స్మోక్ బాల్ కంపెనీ, మా మందు వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని, 1,000 పౌండ్లు బ్యాంకులో వేశామని ప్రకటించి, తీరా అడిగితే అది ఉత్త ప్రచారం అంది. కోర్టు ఒప్పుకోలేదు. బ్యాంకులో డబ్బు వేశామన్న మాటే వాళ్ల చిత్తశుద్ధికి గుర్తని పట్టుకుంది.

రియల్టర్ 2009:
అక్కడ కంపెనీయే ప్రకటన ఇచ్చింది. ఇక్కడ కమీషన్ ఏజెంట్ రాసిన మెసేజ్‌కి కంపెనీ ఎందుకు కట్టుబడాలి?

పాత ప్లీడరు:
ఏజెంటుకి ఆ అధికారం కంపెనీ ఇచ్చిందా, ఇచ్చినట్టు కనిపించేలా వదిలేసిందా అన్నది సాక్ష్యం మీదే తేలాలి. రసీదు మీద ఎవరి సంతకం ఉంది?

షాద్‌నగర్ ప్లాటు:
ఆ ఏజెంటుదే, కంపెనీ ముద్రతో. రేపు రిజిస్టర్డ్ పోస్టులో రద్దు నోటీసు పంపుతున్నాను, 20వ తేదీ వాయిదా కట్టడం లేదు.